రిపోర్ట్ కొడితే ఫిర్యాదు చేసినట్టు కాదు: అపోహలు - వాస్తవాలు

"మేడమ్, చేయాల్సినవన్నీ చేశాం. ఇంట్లోవాళ్ళం, ఫ్రెండ్స్, తెలిసినవాళ్ళు అందరం రిపోర్ట్ కొట్టాం. తీయం అన్నారు. ఇక కోర్టే కదా?"

ఆన్‌లైన్ వేధింపుల కేసులు చూసే లాయర్‌ని కాబట్టి ఈ మాట నాకు మళ్ళీ మళ్ళీ వినబడుతుంది. ఫోన్ తీసి స్క్రీన్‌షాట్ చూపిస్తారు. ఆ పోస్టు తమ ప్రమాణాలకు విరుద్ధంగా లేదని కంపెనీ పంపిన జవాబు అందులో ఉంటుంది. "గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాశారా?" అని అడిగితే "రిపోర్ట్ కొట్టాం కదండీ" అంటారు. అక్కడే పది, పదిహేను రోజులు పోయి ఉంటాయి. ఆ రోజులన్నీ వాళ్ళు నిద్రలేకుండా గడిపినవే. అందుకే ఈ ఒక్క అపోహ గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: యాప్ తీయనంటే ఇక అయిపోయినట్టే

రిపోర్ట్ బటన్ నొక్కితే ఆ పోస్టును కంపెనీ తన సొంత నియమాలతో పోల్చి చూస్తుంది. "మళ్ళీ పరిశీలించండి" అని నొక్కినా అదే కంపెనీ, అవే నియమాలు. మన చట్టం ఇచ్చిన ఫిర్యాదు దారి వేరు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి ప్లాట్‌ఫారమ్ ఫిర్యాదులు చూసే అధికారి, అంటే గ్రీవెన్స్ ఆఫీసర్ పేరును, సంప్రదించే వివరాలను తన వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో పెట్టాలి. 50 లక్షలకు పైగా యూజర్లున్న పెద్ద కంపెనీలైతే ఆ ఆఫీసర్ ఇండియాలో నివసించే ఉద్యోగి అయి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలియజేయాలి. పరిష్కారానికి మొదట 15 రోజులు ఇచ్చారు, 2026 ఫిబ్రవరి సవరణతో అది 7 రోజులైంది. నగ్న చిత్రాలు, మార్ఫింగ్ ఫొటోలు, మన పేరుతో మరొకరు నడిపే అకౌంట్లు అయితే గడువు మొదట్లో 24 గంటలు, ఇప్పుడు 2 గంటలు.

ఆఫీసర్ కాదన్నా దారి మూసుకుపోదు. కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్ళవచ్చు. అందరూ జీఏసీ అంటారు. 2023 మార్చి నుంచి పనిచేస్తోంది, అంతా ఆన్‌లైనే, gac.gov.in లో అప్పీల్ వేయాలి. ఆఫీసర్ జవాబు అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు వేయాలి. అక్కడ అప్పీల్ చేసేది గ్రీవెన్స్ ఆఫీసర్ నిర్ణయం మీద. రిపోర్ట్ బటన్ నుంచి వచ్చిన ఆటోమేటిక్ జవాబు పట్టుకుని వెళ్తే అప్పీల్‌కు ఆధారమే ఉండదు. వందసార్లు రిపోర్ట్ కొట్టినవాళ్ళు కూడా చట్టం దృష్టిలో ఇంకా మొదటి మెట్టు ఎక్కనట్టే.

ఒక కేసు చెప్తాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. స్కూల్లో టీచర్‌గా చేసే ఒకమ్మాయి పేరుతో ఎవరో ప్రొఫైల్ తెరిచారు. ఫొటోలు ఆమె సొంత అకౌంట్ నుంచి తీసుకున్నవే. బయోలో ఆమె ఫోన్ నంబర్ పెట్టి, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసి, రాత్రిపూట ఫోన్ చేయమని అర్థం వచ్చేలా ద్వంద్వార్థాలు పెట్టారు. ఫోన్లు ఆగడం లేదు. ఆమె తమ్ముడు ఒక్కో ఫొటో తెరిచి "అశ్లీలం" అని రిపోర్ట్ చేశాడు. ప్రతిదానికీ తిరస్కారమే వచ్చింది.

ఎందుకు రాదు? రిపోర్ట్ చేసిన ఫొటోలో ఉన్నది స్కూల్ వార్షికోత్సవంలో చీర కట్టుకుని నిలబడిన మనిషి. చూసేవాడికి అందులో అశ్లీలం ఎక్కడ కనిపిస్తుంది? హాని ఫొటోలో లేదు. ఆ ఫొటో, పేరు, నంబర్, ఆ రాతలు కలిసి ఒకే చోట ఉండటంలో ఉంది. పైగా ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన మన పల్లె మాటకు అర్థమేమిటో పరిశీలించేవాళ్ళకు తెలుస్తుందన్న నమ్మకం లేదు. తిరస్కరించారంటే చాలాసార్లు కారణం ఇదే: తప్పు వస్తువును, తప్పు విభాగం కింద చూపించారు.

ఆమె రాసుకొచ్చిన మొదటి ఉత్తరం "దయచేసి ఈ అకౌంట్ తీసేయండి, చాలా టెన్షన్‌గా ఉంది, చచ్చిపోవాలనిపిస్తోంది" అని ఉంది. ఆ బాధ నిజం. ఆ రాత్రి ఆమెను ఒంటరిగా ఉంచవద్దని ముందు ఇంట్లోవాళ్ళకు చెప్పాం. ఆ తర్వాత కూర్చుని ఉత్తరం మళ్ళీ రాశాం. ఆ పేరు, ఆ ఫొటోలు నావే, ఈ అకౌంట్ నాది కాదు అని మొదటి వాక్యం. నా అసలు అకౌంట్ ఇది అని లింకు. నకిలీ ప్రొఫైల్ లింకు, అందులోని ప్రతి పోస్టు లింకు విడివిడిగా, చూసిన తేదీ, టైమ్‌తో. అవతలివాడు యూజర్‌నేమ్ మార్చేస్తే ప్రొఫైల్ లింకు పనిచేయకపోవచ్చు, అందుకే పోస్టుల లింకులు కూడా కావాలి. తర్వాత ఆ తెలుగు రాతలు ఉన్నవి ఉన్నట్టు, పక్కనే వాటి అర్థం ఇంగ్లిష్‌లో. చివరగా 2021 ఐటీ నిబంధనల్లోని 3(2)(బి) కింద, మరొకరిలా నటించే అకౌంట్‌పై బాధితురాలే స్వయంగా చేస్తున్న ఫిర్యాదు ఇది అని ఒక్క వాక్యం. ఆ నిబంధన పేరు రాయడం ముఖ్యం, తక్కువ గడువు దాని కిందే వస్తుంది. బాధితుల తరఫున వేరేవాళ్ళు కూడా ఈ ఫిర్యాదు చేయవచ్చు.

ప్రొఫైల్ పోయింది. కానీ మరో పేజీవాళ్ళు అప్పటికే ఆమె ఫొటోను, నంబర్‌ను కలిపి పోస్టు పెట్టేశారు. దాన్ని మాత్రం ఆఫీసర్ తీయనన్నారు. ఆ పేజీ ఆమెలా నటించడం లేదు కాబట్టి నకిలీ అకౌంట్ కిందికి రాదన్నారు. ఆ మాట వరకు చూస్తే తప్పు కాదు. మేం ఆ వాదన జోలికి పోలేదు. జీఏసీ అప్పీల్‌లో కారణం మార్చాం: అనుమతి లేకుండా ఫోన్ నంబర్ పెట్టడం ప్రైవసీకి భంగం, ఆ రాతలు ఆడమనిషి కాబట్టి చేస్తున్న వేధింపు, రెండూ 3(1)(బి)లో నిషేధించినవే. ఫిర్యాదు కాపీ, ఆఫీసర్ జవాబు, లింకులు, రాత్రిపూట వచ్చిన కాల్స్ జాబితా జతచేశాం. పోస్టు తీసేశారు.

జీఏసీకి కూడా పరిమితులున్నాయి. అప్పీల్‌ను 30 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని నిబంధన చెప్తుంది. నంబర్ బయటపడిన మనిషికి 30 రోజులంటే చాలా ఎక్కువ. అందుకే అది తేలేదాకా ఆగకుండా cybercrime.gov.in లోనూ, స్థానిక పోలీస్ స్టేషన్‌లోనూ ఫిర్యాదు చేయించాం. ఈ రెండు దారులూ ఒకేసారి నడవవచ్చు, ఒకటి అయ్యాకే రెండోది అన్న నియమం లేదు. స్టేషన్‌లో "ఇది మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయమని అడగండి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళవచ్చు.

అపోహ: నా పరువు తీసే పోస్టు కూడా ఇలాగే తీయిస్తారు

ఇక్కడ జనం నిరాశపడతారు, ముందే చెప్పడం మంచిది. "ఫలానా షాపువాడు మోసగాడు", "ఫలానా ఆయన డబ్బులు ఎగ్గొట్టాడు" లాంటి పోస్టుల్లో ఏది నిజమో తేల్చే బాధ్యత ప్లాట్‌ఫారమ్ మీద లేదు. ఇలాంటి సందర్భాల్లో కోర్టు ఉత్తర్వో, అధికారం ఉన్న ప్రభుత్వ సంస్థ నోటిఫికేషనో వస్తేనే కంపెనీకి "తెలిసినట్టు" లెక్క అని 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 సవరణలో 3(1)(బి) జాబితా నుంచి పరువు నష్టం అన్న మాటనే తీసేశారు. కాబట్టి గ్రీవెన్స్ ఆఫీసర్ కాదంటే అది నిర్లక్ష్యం కాకపోవచ్చు.

దారి సివిల్ కోర్టు. దావాతోపాటు తాత్కాలిక ఇంజంక్షన్ పిటిషన్ వేసి, పోస్టు తీసేయమని ఉత్తర్వు అడగాలి. రాసినవాడెవరో తెలియకపోతే గుర్తుతెలియని వ్యక్తిగా ప్రతివాదిని చూపించవచ్చు, ప్లాట్‌ఫారమ్‌ను కూడా చేర్చాలి. లింకులు ఒక్కొక్కటిగా ఉత్తర్వులో ఉండేలా చూడండి. "నా క్లయింట్‌పై ఉన్న పోస్టులన్నీ" అని రాయించుకుంటే అమలు దగ్గర మళ్ళీ తంటా వస్తుంది. దావా వేయడానికి గడువు, పోస్టు ప్రచురించిన రోజు నుంచి ఒక్క ఏడాదే. క్రిమినల్ పరువు నష్టం ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ చట్టం 356 కింద వస్తుంది గానీ దానికి పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టరు, బాధితులే మేజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేట్ ఫిర్యాదు వేసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ కట్టడం లేదని స్టేషన్ చుట్టూ నెలలు తిరిగి, ఆ ఏడాది కాస్తా దాటించుకున్నవాళ్ళను చూశాను.

మిగతావి, త్వరగా

ఎక్కువమందితో రిపోర్ట్ కొట్టిస్తే దిగిపోతుందన్న మాటను వాట్సాప్ గ్రూపుల్లో పంచడం ఇకనైనా ఆపండి. చూడాల్సింది పోస్టులో ఉన్నదాన్ని, ఎంతమంది నొక్కారన్నది కాదు. పైగా లింకు పదిమందికి పంపితే ఆ పోస్టు ఇంకో పదిమంది చూసినట్టు.

లాయర్ నోటీసు పంపితే కంపెనీ దిగొస్తుందనేది కూడా నమ్మకండి. నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు. రాసినవాడు ఎవరో తెలిస్తే అతనికి పంపిన నోటీసుకు కొంత విలువ ఉంటుంది.

"డబ్బిస్తే పోస్టు తీయిస్తాం" అనే ఏజెంట్లను దగ్గరికి రానీయకండి. మీ ఫొటో వాళ్ళ చేతికి ఇవ్వడం రెండో ప్రమాదం. అంతరంగిక ఫొటోలతో బెదిరిస్తుంటే StopNCII.org వాడండి. అక్కడ ఫొటో మీ ఫోన్ దాటి బయటికి పోదు. దాని నుంచి తయారైన హ్యాష్ అనే గుర్తు మాత్రమే వెళ్తుంది, ఇందులో చేరిన కంపెనీలు దానితో పోల్చి ఆ ఫొటోను ఆపుతాయి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల ఫొటోలైతే వేరే సేవ ఉంది, దాని పేరు Take It Down.

పోస్టు తీసేస్తే సాక్ష్యం పోతుందని కొందరు ఫిర్యాదే చేయరు. తీసేసిన సమాచారాన్ని దర్యాప్తు కోసం కంపెనీ 180 రోజులు దాచి ఉంచాలని నిబంధన ఉంది. అయినా ఫిర్యాదుకు ముందే మీ దగ్గర కాపీ ఉండాలి: లింకు, తేదీ కనిపించేలా స్క్రీన్ రికార్డింగ్ తీసి, తీసిన ఫోన్‌ను అమ్మకుండా, రీసెట్ చేయకుండా పక్కన పెట్టండి. కోర్టులో ఆ రికార్డింగ్‌కు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైల్ హ్యాష్ విలువ రాయాలి. కేసు పెట్టాలనుకుంటే దర్యాప్తు అధికారి చేత ఆ 180 రోజుల్లోపే కంపెనీకి లేఖ రాయించండి, గడువు దాటాక అడిగితే డేటా చెరిపేశామని జవాబు రావచ్చు.