“హోల్డ్‌లో పెట్టాం” అని రాస్తే తలుపు తెరిచి ఉంచినట్టా?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో చాలాకాలంగా హెచ్‌ఆర్ పని చేస్తున్నాను. ఈ మధ్య ఒక ప్లాంటు మేనేజరు గారు ఫోన్ చేసి, “ఫైనల్‌కి వచ్చిన కుర్రాడికి ఉద్యోగం లేదని మెయిల్ పెట్టాలండి, బాధపడకుండా ఏదైనా మెత్తగా రాసివ్వండి” అన్నారు. ఆ “మెత్తగా” అన్న మాట వింటేనే నాకు భయం. ఎందుకో చెప్తాను.

అపోహ: నేరుగా “లేదు” అంటే మనసు విరిగిపోతుంది. కాస్త ఆశ పెట్టి రాస్తేనే దయ.

వాస్తవం: ఆ ఆశకు అవతలివాళ్ళు కట్టే ఖరీదు మనకు కనపడదు. నాకు ఒకసారి కనపడింది. కొత్తలో నేను పెట్టిన మెయిల్ ఇది:

“మీ ఇంటర్వ్యూ బాగా జరిగింది. మీ ప్రొఫైల్ మాకెంతో నచ్చింది. ప్రస్తుతానికి హోల్డ్‌లో ఉంచాం. తగిన అవకాశం రాగానే తప్పకుండా మేమే సంప్రదిస్తాం.”

ఆ ఉద్యోగంలో అప్పటికే వేరే అతను చేరిపోయాడు. అంటే నేను అబద్ధం రాయలేదు గానీ నిజమూ చెప్పలేదు. నెలన్నర తర్వాత పాలకొల్లు వైపు నుంచి ఒక పెద్దాయన ఆఫీసుకి ఫోన్ చేశారు. “ఏవండీ, మా వాడి ఆర్డరు ఇంకా రాలేదండి. ఆషాఢం కదా, శ్రావణంలో చేరమంటారేమో అనుకున్నామండి.” కుర్రాడికి నెల్లూరులో ఇంకో ప్లాంటు ఆఫర్ ఇచ్చిందట. భీమవరం అయితే ఇంటి నుంచే వెళ్ళి రావచ్చని దాన్ని వదులుకున్నాడట. నా దగ్గర సమాధానం లేదు. “కనుక్కుని చెప్తానండి” అని పెట్టేశాను. మళ్ళీ ఫోన్ చెయ్యడానికి రెండు రోజులు పట్టింది, అదీ మా అకౌంట్స్ ఆయన తిడితే.

ఆ నాలుగు వాక్యాలూ ఆ ఇంట్లో ఎలా చదివి ఉంటారో చూడండి. “బాగా జరిగింది” అంటే పాసైనట్టు. “హోల్డ్‌లో” అంటే ఆర్డరు టైపవుతోందన్నట్టు. “తప్పకుండా మేమే” అంటే మనం ఫోన్ చేస్తే బాగోదు, ఓపిక పట్టాలి అని. ఉద్యోగం లేదన్న మాట ఒక్కచోటా లేదు. టెన్షన్‌లో ఉన్న మనిషి మెయిల్‌ని పదిసార్లు చదువుతాడు, ప్రతిసారీ తనకు అనుకూలమైన అర్థమే తీస్తాడు. తప్పు అతనిది కాదు.

అదే మెయిల్ ఇప్పుడైతే ఇలా రాస్తాను. మామూలుగా ఇంగ్లీషులో పంపుతాం, ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. పోస్టు క్యూసీది, అంటే సరుకు నాణ్యత చూసే పని. సబ్జెక్టు లైనులో “క్యూసీ ఎగ్జిక్యూటివ్ పోస్టు: మీ ఇంటర్వ్యూ ఫలితం” అని ఉంటుంది. “శుభాకాంక్షలు” లాంటివి ఉండవు. అది చూసి గుండె ఎగిరి, తెరిచాక కూలిపోకూడదు.

“నమస్తే. క్యూసీ ఎగ్జిక్యూటివ్ పోస్టుకి వేరొకరిని తీసుకున్నాం. మిమ్మల్ని తీసుకోలేకపోతున్నాం. ఇది తుది నిర్ణయం, కాబట్టి చేతిలో వేరే ఆఫర్ ఉంటే మా కోసం ఆపుకోకండి.

చివరి ఇద్దరిలో మీరొకరు. రిసీవింగ్ దగ్గర సరుకు వేడెక్కి వస్తే ఏం చేస్తారని అడిగినప్పుడు, లాటును పక్కన పెట్టడం దగ్గర నుంచి రికార్డు రాయడం దాకా మీరు వరసగా చెప్పిన తీరు ఇంటర్వ్యూ చేసిన ముగ్గురికీ నచ్చింది. అయితే ఈ పోస్టులో చేరిన రోజు నుంచే ల్యాబులో ఎల్‌సీ-ఎంఎస్ మీద యాంటీబయాటిక్ టెస్టులు సొంతంగా చెయ్యాలి. మీరు ఆ మిషన్ మీద ఇంకా పని చెయ్యలేదు. నిర్ణయం అక్కడ తేలింది.

ఫ్లోర్ క్యూసీ పోస్టులు మాకు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో పడతాయి. వాటికి ఆ మిషన్ అనుభవం అక్కర్లేదు. ఇష్టముంటే ఈ మెయిల్‌కే ఒక ముక్క రాయండి, పోస్టు పడితే కబురు చేస్తాను. మొదటి రౌండు మళ్ళీ ఉండదు. ఉద్యోగం ఖాయమని మాత్రం ఇప్పుడు చెప్పలేను.”

కింద నా పేరు, నా నంబరు. తిరిగి జవాబు వెళ్ళని ఐడీ నుంచి పంపితే ఈ మూడో పేరా అంతా దండగ.

“లేదు” అన్నది రెండో వాక్యానికే తెలిసిపోయింది. మెచ్చుకోలు అతను నిజంగా చెప్పిన జవాబు గురించి. ఎవరికైనా అతికే “మంచి అభ్యర్థి” కాదు. కారణం పనికి సంబంధించింది, మనిషికి సంబంధించింది కాదు. ఎంపికైనవాడితో పోలిక లేదు. ఇక తలుపు సంగతి: ఏ పోస్టు, ఏ నెల, ఏం చెయ్యాలి. ఈ మూడూ చెప్పలేని పరిస్థితి ఉంటే తలుపు మాట ఎత్తకండి. చెరువులు దెబ్బతిని ప్లాంటుకు సరుకే రాని ఏడాది మార్చి పోస్టుల గురించి రాస్తే అది మళ్ళీ నా పాత మెయిలే.

అపోహ: మొదటివాడు చేరేదాకా రెండోవాడికి ఏమీ చెప్పకూడదు.

ఇందులో సగం నిజముంది, అందుకే ఇది అంత సులువుగా పోదు. ఆఫర్ తీసుకుని ఆఖరి రోజున రానివాళ్ళు మనకు కొత్త కాదు. కానీ రెండోవాణ్ణి చెప్పకుండా స్టెప్నీలా డిక్కీలో పడేసి ఉంచడం నాకు గిట్టదు. మొదటివాడికి ఆఫర్ ఇచ్చి మూడు రోజులు గడువు పెడతాను. ఆ మూడు రోజులకి రెండోవాడికి “ఇంకా తేలలేదు, శుక్రవారం సాయంత్రంలోపు అవునో కాదో చెప్తాను” అని రాస్తాను. శుక్రవారం చెప్తాను. మొదటివాడు ఒప్పుకున్న మర్నాడే లేదన్న మెయిల్ వెళ్ళాలి. అతని నోటీసు పీరియడ్ రెండు నెలలైనా సరే. తర్వాత అతను ఎగ్గొడితే రెండోవాడికి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పి అడుగుతాను. స్పష్టంగా లేదన్నామన్న కోపంతో రాననేవాళ్ళను నేను చూడలేదు. అప్పటికి వేరేచోట చేరిపోయి ఉండవచ్చు, అది వాళ్ళ హక్కు.

మిగతావి త్వరగా. “కారణం రాస్తే వాదన మొదలవుతుంది” అంటారు. పని గురించి ఒక్క కారణం రాస్తే సాధారణంగా మొదలవదు. “మా వాతావరణానికి సరిపోరు” లాంటివి రాస్తే మొదలవుతుంది, అవ్వాలి కూడా. పెళ్ళి, పిల్లలు, ఊరు, వయసు నిజంగానే కారణమైతే సరిదిద్దుకోవాల్సింది మెయిల్ భాషను కాదు, ఇంటర్వ్యూని. “ఫోన్ చేస్తే మెయిల్ అక్కర్లేదు” అన్నది కూడా వదిలెయ్యండి. ఫైనల్‌కి వచ్చినవాళ్ళకు ముందు ఫోనే చేస్తాను, కానీ ఆ కంగారులో ఏం విన్నారో ఇంట్లో సరిగ్గా చెప్పలేరు. మెయిల్ ఉంటే నాన్నకి చూపిస్తారు. ఇక వాట్సాప్‌లో తిరిగే “ఎన్ని రోజులకి మెయిల్ వస్తే సెలెక్టు, ఎన్నింటికి వస్తే రిజెక్టు” లెక్కలు రాసేవాళ్ళు ఒక్కసారైనా ఎవరికైనా ఉద్యోగం ఇచ్చారా అని నా అనుమానం.

మెయిల్ పెట్టిన రోజే నా నోటుపుస్తకంలో ఒక లైను రాసుకుంటాను: పేరు, ఏది తక్కువైంది, ఏ నెలలో పిలవాలి. ఈ మార్చిలో అలా ఇద్దరికి ఫోన్ చేశాను. ఒకాయన వైజాగ్‌లో చేరిపోయారు, “గుర్తుపెట్టుకున్నారండీ” అని నవ్వారు. రెండో అమ్మాయి సోమవారం నుంచి ఫ్లోర్‌లో ఉంది.