క్లౌడ్ గేమ్ ఆగి ఆగి వస్తోందా? ప్లాన్ పెంచే ముందు ఒక్కసారి రౌటర్‌ని పింగ్ చేయండి

బ్రాడ్‌బ్యాండ్ ఫీల్డ్ టెక్నీషియన్‌గా వారానికి రెండు మూడు ఇళ్లలో వినే మాట ఇది: "అన్నా, గేమ్ జర్క్ అవుతోంది, 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కి మార్చేయ్." మార్చడం నాకు నిమిషం పని. మరుసటి రోజు మళ్లీ ఫోన్ వస్తుంది, అదే జర్క్.

అపోహ: స్పీడ్ ఎక్కువైతే గేమ్ స్మూత్‌గా వస్తుంది.

వాస్తవం: గేమ్‌ని ఎక్కడో దూరంగా ఉన్న సర్వర్‌లో నడిపి వీడియోలా మీకు పంపే జీఫోర్స్ నౌ లాంటి సర్వీసు 1080పి, సెకనుకి 60 ఫ్రేములకు అడిగేది 25 ఎంబీపీఎస్. మీది 100 ఎంబీపీఎస్ ప్లాన్ అనుకుంటే అందులో నాలుగో వంతు. అది నిలకడగా అందుతున్నంతసేపూ 300 పెట్టినా తేడా ఉండదు. యూట్యూబ్ బాగానే వస్తోంది కదా అంటారు. వస్తుంది, ఎందుకంటే అది రాబోయే కొన్ని సెకన్ల వీడియోని ముందే తెచ్చి పెట్టుకుంటుంది, మధ్యలో వైఫై అర సెకను ఆగినా మీకు తెలియదు. గేమ్‌లో ఆ వీల్లేదు. మీరు బటన్ నొక్కకముందే తర్వాతి ఫ్రేమ్ ఎలా తయారవుతుంది? 60 ఫ్రేములంటే దాదాపు 17 మిల్లీసెకన్లకి ఒకటి రావాలి, వైఫై 200 మిల్లీసెకన్లు తడబడితే డజను ఫ్రేములు ఆలస్యమైనట్టే.

మొన్న కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్‌కి వెళ్లాను. కుర్రాడు అప్పటికే రెండుసార్లు ప్లాన్ పెంచాడు, వాళ్ల నాన్నగారు "డబ్బులన్నీ దీనికేనా" అని నా ముందే మొదలుపెట్టారు. పాపం, వాడి ముఖం చూస్తే జాలేసింది. స్పీడ్ టెస్ట్ చూపించాడు, 280 వస్తోంది. ఎక్కడ చేశావు అంటే హాల్లో, ఫోన్‌లో. ఆడేది బెడ్‌రూమ్‌లో, లాప్‌టాప్‌లో! రౌటరేమో హాల్లో టీవీ వెనక ఇరుక్కుని ఉంది. లాప్‌టాప్ దగ్గరే కూర్చుని విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టాను:

```
ping -n 100 192.168.1.1
```

(మీ రౌటర్ అడ్రస్ వేరే ఉండొచ్చు, `ipconfig` కొడితే Default Gateway దగ్గర కనిపిస్తుంది.) ఇది ఇంటర్నెట్ దాకా పోదు, మీ గది నుంచి మీ రౌటర్‌కి వెళ్లి వస్తుంది, అంతే. 2, 3 మిల్లీసెకన్లు ఉండాల్సింది నడుమ నడుమ 140, 220 అని ఎగిరింది, రెండు Request timed out కూడా పడ్డాయి. అంటే గొడవ ఇంట్లోనే ఉంది. లాప్‌టాప్ 2.4 గిగాహెర్ట్జ్ మీద ఉంది, పక్క ఫ్లాట్ల రౌటర్లన్నీ అదే బ్యాండ్‌లో తోసుకుంటున్నాయి. 5 గిగాహెర్ట్జ్‌కి మారిస్తే కొంత తగ్గింది కానీ రెండు గోడలు దాటేసరికి సిగ్నల్ నీరసపడింది. చివరికి నా బ్యాగ్‌లోని పొడుగు లాన్ కేబుల్ గుచ్చితే వందకి వందా 1 మిల్లీసెకను లోపే. జర్క్ పోయింది. ప్లాన్ పాతదానికి దించేయమని నేనే చెప్పాను (మా మేనేజర్ ఇది చదవకపోతే బాగుండు).

రౌటర్ పింగ్ శుభ్రంగా ఉండి కూడా ఆగుతోందంటే, అదే సమయంలో ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలు బ్యాకప్ చేస్తోందేమో చూడండి. అప్‌లోడ్ నిండిపోతే మీ బటన్ నొక్కుడు కూడా ఆ క్యూలోనే నిలబడుతుంది. ఈసారి బయట ఉన్న గూగుల్ సర్వర్‌కి `ping -t 8.8.8.8` పెట్టి బ్యాకప్ ఆపి చూడండి, అంకె ఒక్కసారిగా పడిపోతే దొంగ దొరికినట్టే. మా ఇంట్లో నెల రోజులు నేను సర్వర్‌ని తిట్టుకున్నాను, తీరా చూస్తే మా ఆవిడ ఫోన్.

డీఎన్‌ఎస్ మారిస్తే లాగ్ పోతుందా? పోదు, అది మొదట్లో అడ్రస్ వెతకడానికే. వీపీఎన్? చాలాసార్లు దారి ఇంకా పొడుగవుతుంది. "గేమింగ్ రౌటర్" కొన్నా, అదే టీవీ వెనక పెడితే అదే కథ.

ఇక దూరం సంగతి. ఇది జర్క్ కాదు, బటన్ నొక్కాక ప్రతిసారీ ఒకే రకంగా లేటుగా కదలడం. ఫైబర్‌లో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే వెయ్యి కిలోమీటర్లు పోయి రావడానికి 10 మిల్లీసెకన్లు. హైదరాబాద్ నుంచి ముంబై దగ్గరే. సింగపూర్ అయితే మూడు వేల కిలోమీటర్ల పైమాటే, పోయి రావడానికే 30 దాటుతుంది, మధ్య మలుపులు కలిపితే ఇంకా ఎక్కువ. ఏ ప్లానూ దీన్ని తగ్గించలేదు. జీఫోర్స్ నౌ వాళ్లే డేటా సెంటర్‌కి లేటెన్సీ, అంటే పోయి రావడానికి పట్టే సమయం, 80 మిల్లీసెకన్ల లోపు ఉండాలంటారు, 40 లోపైతే మేలంటారు. ఆ కుర్రాడి యాప్‌లోనూ సర్వర్ రీజియన్ సింగపూర్ మీదే ఉంది, ఎప్పుడో ఫ్రెండ్ చెప్పాడని మార్చాడట. ఆటోకి పెట్టాం. టీవీలో ఆడేటప్పుడు టీవీ తన వంతు ఆలస్యం తగ్గించుకునే గేమ్ మోడ్ ఆన్ చేసుకోమని కూడా చెప్పి కేబుల్ అక్కడే వదిలేసి వచ్చాను, ఇంకా తిరిగివ్వలేదు.