ఆప్షన్ ధరలో దాగిన అప్పు

ఒక షేరు ధర 100 అనుకుందాం. దాని మీద 100 స్ట్రైక్‌తో, ఏడాది గడువుతో రెండు ఆప్షన్లు ఉన్నాయి. ఒకటి కాల్, అంటే ఏడాది చివర ఆ షేరును 100కు కొనే హక్కు. రెండోది పుట్, అంటే 100కు అమ్మే హక్కు. షేరు డివిడెండ్ ఇవ్వదు, దాని వోలటిలిటీ, అంటే ధర ఊగిసలాట, ఏడాదికి 20 శాతం. ఆప్షన్‌ను గడువు రోజునే వాడుకోవాలి, ముందుగా వాడే వీలు లేదు. వడ్డీ రేటు సున్నా అయినప్పుడు 1973లో వచ్చిన బ్లాక్–షోల్స్ సూత్రంతో లెక్కేస్తే రెండింటి ధరా ఒకటే వస్తుంది: 7.97.

ఇప్పుడు మిగతావేవీ ముట్టుకోకుండా వడ్డీ రేటు ఒక్కటే, నిరంతర చక్రవడ్డీ లెక్కన, 5 శాతం చేసి మళ్లీ లెక్కేద్దాం. కాల్ 10.45కు పెరుగుతుంది, పుట్ 5.57కు పడిపోతుంది. షేరు కదల్లేదు, వోలటిలిటీ మారలేదు, గడువు ఒక్క రోజు కూడా తగ్గలేదు. అయినా ఒకటి మూడో వంతు దాకా పెరిగింది, ఇంకోటి దాదాపు అంతే తగ్గింది. ఇది కాగితం మీద వేసుకున్న ఊహాజనితమైన మార్పు కూడా కాదు. అమెరికా ఫెడరల్ రిజర్వ్ 2022 మార్చి నుంచి 2023 జూలై లోపు తన రేటును 0–0.25 శాతం నుంచి 5.25–5.50 శాతానికి తీసుకెళ్లింది. వడ్డీ సున్నా దగ్గర ఉన్న ఏళ్లలో ఆప్షన్లు నేర్చుకున్నవాళ్లకు, వడ్డీ ప్రభావాన్ని కొలిచే రో అంటే పట్టికలో చివర ఉండే, చూడకుండా వదిలేసే అంకె. ఆ పదహారు నెలల తర్వాత దాన్ని అలా వదిలేయడం కుదరలేదు.

వడ్డీ రేటు 1 శాతం పాయింట్ మారితే ఆప్షన్ ధర ఎంత మారుతుందో చెప్పేదే రో. ఆప్షన్ ధర దేనికి ఎంత కదులుతుందో చెప్పే అంకెలను గ్రీకులు అంటారు; డెల్టా, వేగా, థీటాలతో పాటు వాటిలో ఇదొకటి. కాల్‌కు రో ప్లస్, పుట్‌కు మైనస్. ఈ ప్లస్, మైనస్ గుర్తులను బట్టీ పట్టడం తేలికే. అవి అలా ఎందుకు వచ్చాయో తెలిస్తే మాత్రం ఆ అంకె ఎప్పుడు పని చేస్తుందో, ఎప్పుడు మోసం చేస్తుందో కూడా తెలుస్తుంది. అందుకే కాసేపు ఆప్షన్ అమ్మినవాడి పక్కన కూర్చుందాం.

వడ్డీ 5 శాతం ఉన్నప్పుడు ఒక డీలర్ ఆ కాల్‌ను 10.45కు అమ్మాడు. షేరు పెరిగితే అతను నష్టపోతాడు కాబట్టి ముందే కొన్ని షేర్లు కొని పెట్టుకోవాలి. ఎన్ని కొనాలో డెల్టా చెబుతుంది: ఒక్కో కాల్‌కు 0.637 షేరు. అంటే 63.68 పెట్టుబడి కావాలి. కాల్ అమ్మితే చేతికి వచ్చింది 10.45 మాత్రమే. మిగతా 53.23 అప్పు తేవాలి. షేరు పైకీ కిందకీ కదులుతున్న కొద్దీ అతను షేర్లను కొంటూ, అమ్ముతూ సర్దుకుంటాడు. ఆ సర్దుబాటుతో పాటు అప్పూ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. కాల్ ధర అంటే చివరికి ఈ మూటే: కొంత షేరు, దాని వెనుక కొంత అప్పు.

ఇప్పుడు వడ్డీ 5 నుంచి 6 శాతం అయిందనుకోండి. 53.23 అప్పు మీద ఏడాదికి అదనంగా కట్టాల్సింది 0.53. ఈ కాల్ రో ఎంతో చూడండి, సరిగ్గా అదే: 0.53. ఇది కాకతాళీయం కాదు. కాల్ రో అంటే ఆ కాల్ లోపల దాగిన అప్పును మిగిలిన కాలంతో గుణించి, 1 శాతం లెక్కన తీసుకున్న మొత్తం. నేను చదివిన రో వివరణల్లో నాకు బాగా నచ్చినది ఇదే, ఎందుకంటే సూత్రంలోని ఏ అక్షరం దేనికి ఉందో దీంతో కళ్లకు కడుతుంది. కాల్ కొన్నవాడు షేరు పెరుగుదలలో వాటా తీసుకుంటున్నాడు, డబ్బు మాత్రం తర్వాత కడతాడు. ఆ అరువు అతని తరఫున ఇంకొకరు మోస్తున్నారు. అప్పు ఖరీదైతే మోసేవాడు ఎక్కువ అడుగుతాడు.

పుట్‌లో ఇదంతా తలకిందులవుతుంది. పుట్ అమ్మిన డీలర్‌కు షేరు పడితే నష్టం. కాబట్టి 0.363 షేరును షార్ట్ చేస్తాడు, అంటే అరువు తెచ్చి అమ్ముతాడు, 36.32 చేతికి వస్తుంది. దానికి పుట్ అమ్మగా వచ్చిన 5.57 కలిపితే 41.89. ఈ డబ్బును అతను వడ్డీకి వేసుకుంటాడు. రేటు 1 శాతం పెరిగితే అతనికి 0.42 అదనంగా వస్తుంది. అంత వస్తున్నప్పుడు పుట్‌ను తక్కువకే అమ్మగలడు, పోటీ ఉంటే అమ్మక తప్పదు. పుట్ రో మైనస్ 0.42.

6 శాతం దగ్గర ధరలను మళ్లీ పూర్తిగా లెక్కేస్తే కాల్ 10.99, పుట్ 5.17. కాల్ 0.54 పెరిగింది, పుట్ 0.41 తగ్గింది. రో చెప్పిన 0.53, 0.42లతో చిన్న తేడా ఉంది. రేటు మారుతున్న కొద్దీ లోపలి అప్పు కూడా కొద్దిగా మారుతుంది, ఆ తేడా దాని వల్లే. రెండు మార్పుల మొత్తం 0.95. గడువు రోజున కట్టాల్సిన 100 ఈ రోజు విలువ 5 శాతం దగ్గర 95.12, 6 శాతం దగ్గర 94.18. తేడా దాదాపు 0.95. కాల్ ధరలోంచి పుట్ ధర తీసేస్తే, షేరు ధరలోంచి స్ట్రైక్ ఈనాటి విలువ తీసేసినంత ఎప్పుడూ ఉండాలి. లేకపోతే ఎవరో ఒకరు రిస్క్ లేకుండా లాభం చేసుకుపోతారు. షేరు ధర కదలకపోతే వడ్డీకి కదపడానికి మిగిలింది ఆ స్ట్రైక్ ఈనాటి విలువ ఒక్కటే. అది తగ్గిన మేరను కాల్, పుట్ పంచుకుంటాయి.

మీ స్క్రీన్ మీద కనిపించే రో సరైనదో కాదో చూసుకోవడానికి కూడా ఇదే దారి. కాల్ రోలోంచి అదే స్ట్రైక్, అదే గడువు ఉన్న పుట్ రోను తీసేయండి. 0.53లోంచి మైనస్ 0.42 తీసేస్తే 0.95. స్ట్రైక్ ఈనాటి విలువ 95.12ను గడువు సంవత్సరాలతో గుణించి, అంటే ఇక్కడ 1తో, 100తో భాగించినా 0.95. ఇవి కలవకపోతే ఎక్కడో తప్పుంది, చాలాసార్లు అది యూనిట్ల తప్పే. కొన్ని ప్రోగ్రాములు ఇదే రోను 53.23 అని చూపిస్తాయి, ఎందుకంటే అవి వడ్డీ నూరు శాతం పాయింట్లు మారినట్టు లెక్కిస్తాయి. బేసిస్ పాయింట్‌కు, అంటే ఒక శాతంలో నూరో వంతుకు, చూపించేవి 0.0053 అంటాయి. మూడూ ఒకే రో.

సూత్రంలో కాలం గుణకంగా ఉంది కదా, దాని బలం చిన్నది కాదు. పైన చెప్పిన కాల్‌కే గడువు ఒక నెల అనుకుంటే రో 0.04కు పడిపోతుంది. అప్పు దాదాపు అంతే ఉంటుంది, మోయాల్సిన కాలమే పన్నెండో వంతు. గడువు రెండేళ్లయితే రో 1.06. నెలవారీ ఆప్షన్లు ఆడేవాళ్లు రోను పట్టించుకోకపోవడం నిర్లక్ష్యమేమీ కాదు, వాళ్ల లెక్కలో అది నిజంగానే చిల్లర. రెండేళ్ల కాల్ పట్టుకున్నవాళ్లకు మాత్రం అది ధరలో ఒక పెద్ద భాగం.

ఇక రో మోసం చేసే చోటు. వడ్డీ పెరిగింది కాబట్టి కాల్ కొంటే లాభం అని కొందరు అనుకుంటారు. రో చెప్పేది మిగతావన్నీ అలాగే ఉంటేనే వర్తిస్తుంది. నిజమైన మార్కెట్లో రేట్లు ఊహించనంతగా పెరిగిన రోజున షేర్లు అలాగే ఉండిపోవడం అరుదు, చాలాసార్లు పడతాయి. మన ఉదాహరణలో రేటు 5 నుంచి 6కు పెరిగి, షేరు 100 నుంచి 98కి పడిందనుకుందాం. కాల్ 9.72 అవుతుంది. వడ్డీ ఇచ్చిన 0.54ను షేరు పడడం మింగేసి, పైన ఇంకో 0.73 తీసుకుపోయింది. నిజానికి షేరు 0.84 పడితే చాలు, ఒక శాతం వడ్డీ పెరుగుదల వల్ల వచ్చిందంతా కొట్టుకుపోతుంది. పైగా లెక్కలోకి రావాల్సింది కేంద్ర బ్యాంకు ప్రకటించే ఒక్కరోజు రేటు కాదు, ఆప్షన్ గడువుకు సరిపోయే కాలానికి మార్కెట్లో నడుస్తున్న రేటు. అందరూ ముందే ఊహించిన పెంపు ఆ రేటులో ఎప్పుడో కలిసిపోయి ఉంటుంది. ప్రకటన వచ్చిన సాయంత్రం రో పేరు మీద ఏమీ జరగకపోవచ్చు.

ఇంకో ప్రశ్న ఉంది, మంచి ట్రేడర్లు కూడా ఇక్కడ తడబడడం చూశాను. రేటు మారినప్పుడు అలాగే ఉండేది ఏది, షేరు ధరా, ఏడాది తర్వాత ఇచ్చిపుచ్చుకునేందుకు ఇప్పుడే కుదుర్చుకునే ఫ్యూచర్ ధరా? షేరు 100, వడ్డీ 5 శాతం అయితే ఏడాది ఫ్యూచర్ 105.13 ఉండాలి. వడ్డీ అందులో ఇప్పటికే కూర్చుని ఉంది. వడ్డీ 6 శాతం అయినా ఫ్యూచర్ 105.13 దగ్గరే నిలబడిందనుకుందాం. అంటే షేరు దాదాపు 99కి దిగినట్టు. అప్పుడు కాల్ 10.35 అవుతుంది, పుట్ 5.52 అవుతుంది. రెండూ తగ్గాయి, ఒక్కోటీ ఒక శాతం మేర. ఆప్షన్ చివర ఇచ్చే మొత్తాన్ని ఇంకాస్త ఎక్కువ డిస్కౌంట్‌తో ఈ రోజుకు తీసుకురావడం తప్ప వడ్డీకి ఇక్కడ ఇంకో పని లేదు. ఫ్యూచర్ మీద ఉన్న ఆప్షన్‌కు కాల్ రో కూడా మైనస్సే. కాబట్టి రో అంకెను నమ్మే ముందు అది షేరు ధర నుంచి లెక్కించిందో, ఫ్యూచర్ నుంచి లెక్కించిందో కనుక్కోవాలి.

చివరిగా గడువుకు ముందే వాడుకోగలిగే పుట్ సంగతి. షేరు 60కి పడిపోయిందనుకోండి. 100 స్ట్రైక్ పుట్‌ను ఇప్పుడే వాడుకోగలిగితే 40 చేతికి వస్తుంది. గడువు రోజునే వాడుకోవాల్సిన పుట్‌కు ఆ వీలు లేదు. ఆ 100 అందడానికి ఏడాది ఆగాలి కాబట్టి 5 శాతం దగ్గర దాని విలువ 35 చిల్లరే, వడ్డీ పెరిగితే ఇంకా తగ్గుతుంది. ముందే వాడుకోగలిగే పుట్ 40 కంటే కిందకు దిగదు, దిగితే కొని వెంటనే వాడేసుకునేవాళ్లుంటారు. వడ్డీ ఎంత ఎక్కువైతే అంత త్వరగా ఆ 100 తీసుకుని వడ్డీకి వేసుకోవాలనిపిస్తుంది. ఇప్పుడే వాడేయడం లాభమనిపించిన క్షణం నుంచి అందులో నిరీక్షణ లేదు, ఆ పుట్ ధర 40 దగ్గరే ఆగిపోతుంది, దాని రో సున్నా అవుతుంది.