కార్డులో డేట్ వచ్చిందా? ఏటా టీకా ఎందుకో ఈ రెండు సీసాల్లో ఉంది

మీ కుక్క వ్యాక్సిన్ కార్డు ఒకసారి బయటికి తీసి, చివరి లైనులో పెన్నుతో రాసిన తేదీ చూడండి. అది ఈ నెలదైతే, లేదా దాటిపోయి ఉంటే, క్లినిక్కి తీసుకురండి. సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున 9:30 నుంచి 1 వరకు, సాయంత్రం 5 నుంచి 8 వరకు ఉంటాం. ఆదివారం పొద్దున 10 నుంచి 12 వరకే. టీకాలు మాత్రం మూసే టైముకి గంట ముందే ఆపేస్తాం, అంటే మామూలు రోజుల్లో పొద్దున 12, సాయంత్రం 7, ఆదివారం 11. ఎందుకో కింద చెప్తాను.

"పోయినేడే వేయించాం కదా డాక్టర్ గారూ, మళ్ళీనా?" అని వారంలో నలుగురైనా అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అలా అడిగినవాళ్ళకి నేను ఫ్రిజ్‌లోంచి తీసిన రెండు చిన్న సీసాలు చూపిస్తాను. ఒకదాని అడుగున తెల్లటి ఎండు బిళ్ళ లాంటిది అంటుకుని ఉంటుంది. రెండోదాంట్లో నీళ్ళలాంటి ద్రవం. సిరంజితో ఆ ద్రవాన్ని తీసి బిళ్ళ మీదికి వదిలితే కొన్ని సెకన్లలో కరిగిపోతుంది. సెవెన్ ఇన్ వన్ అని మీరు వినే టీకా సాధారణంగా ఇలాగే తయారవుతుంది.

ఆ బిళ్ళలో ఉన్నవి పార్వో, డిస్టెంపర్ లాంటి వైరస్‌లు, బతికి ఉన్నవే, కాకపోతే జబ్బు తెచ్చేంత బలం లేకుండా చేసినవి. ఒంట్లోకి వెళ్ళాక అవి కొద్దిగా పెరుగుతాయి, కుక్క శరీరం దాన్ని నిజమైన దాడి అనుకుని గట్టిగా నేర్చుకుంటుంది. అందుకే చిన్నప్పటి డోసులు, ఆ తర్వాతి బూస్టరు సరిగ్గా పడితే ఆ రక్షణ మూడేళ్ళు, అంతకన్నా ఎక్కువ కూడా నిలుస్తుంది. ద్రవంలో ఉన్నది వేరు. అది లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా, చంపేసినది. చచ్చిన సూక్ష్మజీవి ఒంట్లో పెరగదు, పైగా లెప్టో మీద పుట్టే రక్షణే తొందరగా తగ్గిపోయే రకం, సుమారు ఏడాది నిలుస్తుంది. ఏటా రమ్మనేది ముఖ్యంగా ఈ రెండో సీసా కోసం. ఎలుకల మూత్రం కలిసిన వాననీటిలో ఈ బ్యాక్టీరియా ఉంటుంది, కుక్క ఆ గుంటలో నీళ్ళు తాగినా, పుండు ఉన్న కాలితో తిరిగినా ఎక్కుతుంది, కిడ్నీలు, లివర్ దెబ్బతింటాయి, మనుషులకీ వస్తుంది. అందుకే వానాకాలం మొదలవకముందే పని కానిస్తే నాకు నిశ్చింతగా ఉంటుంది.

మొన్న ఐదేళ్ళ లాబ్రడార్ ఒకటి వచ్చింది, కార్డులో చివరి టీకా పడి 20 నెలలైంది. ఇంటాయన "అన్నీ మొదటి నుంచి వేయాలా?" అని టెన్షన్ పడ్డారు. అక్కర్లేదు. బిళ్ళలోని వైరస్ టీకాలకి ఇంకా మూడేళ్ళు దాటలేదు కాబట్టి అవి ఆపాం. రేబిస్ ఆలస్యమైనా ఒక్క డోసు వేస్తే చాలు, అది అప్పుడే వేశాం. లెప్టో మాత్రం ఏడాది మీద మూడు నాలుగు నెలలు దాటితే మళ్ళీ రెండు డోసులు కావాలి, ఒకటి ఆ రోజు, రెండోది నాలుగు వారాలకి. రెండోదానికి రాకపోతే మొదటిది వేసీ పెద్దగా లాభం లేదు, ఇక్కడే చాలామంది జారిపోతారు.

రేబిస్ టీకా కూడా చంపిన వైరస్‌తో చేసిందే. కొన్ని బ్రాండ్ల లేబుల్ మీద మూడేళ్ళు అని ఉంటుంది, అయినా వీధికుక్కల కాట్లు ఇంత మామూలైన చోట మేం ఏటా వేస్తాం. టీకా పడిన కుక్కని వేరే కుక్క కరిచినా సరే, వెంటనే తీసుకురండి, బూస్టర్ వేయాలి. లక్షణాలు కనబడ్డాక ఈ జబ్బుకి మందు లేదు.

ఇప్పుడు గంట ముందు ఆపే సంగతి. నూటికి నూరు కుక్కలకి ఏమీ కాదని నేను చెప్పను. అరుదుగా కొన్నిటికి టీకా పడ్డ కాసేపటికి మూతి, కనురెప్పలు ఉబ్బుతాయి, ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి, వాంతి అవుతుంది. ఇది ఎక్కువగా మొదటి గంట రెండు గంటల్లోనే బయటపడుతుంది, అప్పుడు ఇంజెక్షన్ ఇస్తే తగ్గుతుంది. అందుకని టీకా వేశాక అరగంట బెంచీ మీద కూర్చోబెడతాం, తర్వాత ఏదైనా అయినా మీరు వెనక్కి వచ్చేసరికి మేం ఉండాలి. వీలైతే పొద్దున పూటే రండి. ఒకరోజు డల్‌గా ఉండటం, సూది గుచ్చిన చోట చిన్న గడ్డ కట్టి కొన్ని వారాల్లో కరగడం మామూలే.

సీసా విప్పేముందు బరువు, టెంపరేచర్ చూస్తాం. 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా కుక్కకి నార్మల్. జ్వరం ఉంటే, తిండి మానేసి ఉంటే ఆ రోజు వేయం, నయమయ్యాక మళ్ళీ రమ్మంటాం. కార్డు మర్చిపోకండి, అది లేకపోతే ఏ సీసా ఎప్పుడు పడిందో తెలియదు. పోయినసారి ఉబ్బు వచ్చి ఉంటే లోపలికి రాగానే, సూది తీయకముందే చెప్పండి.