మల్టీమీటర్ బాగుందన్న సెల్లు బల్బు వెలిగించలేకపోయింది

మొన్న తిరుపతిలో వాన పడి కరెంటు పోతే మా పాత టార్చి తీశా, ఒక్క పెన్సిల్ సెల్లుతో నడిచేది, వెలగలేదు. సెల్లు తీసి మల్టీమీటర్ పెడితే 1.38 వోల్టులు చూపిస్తా ఉంది. మా వాడేమో "నాన్నా, సెల్లు బాగానే ఉండాది కదా, బల్బే పోయింటాది" అన్నాడు. బల్బు మారిస్తే అదీ వెలగలా.

నేను ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి కాబట్టి మర్నాడు ఆ సెల్లుని, ఒక కొత్త సెల్లుని జేబులో వేసుకొనిపోయి పొటెన్షియోమీటర్ మీద పెట్టా, తీగ పొడవుని బట్టి వోల్టేజి కొలిచే బోర్డు అది. బోర్డు మీద 10 మీటర్ల తీగ, దానికి ఎలిమినేటర్ నుంచి సరిగ్గా 2 వోల్టులు, అంటే సెంటీమీటరుకి 2 మిల్లీవోల్టులు. సెల్లు ప్లస్సుని తీగ ప్లస్ కొనకే కలపాల, తిప్పి పెడితే తీగ మీద జరిపే మొన, అదే జాకీని, ఎక్కడ తాకించినా గాల్వనోమీటర్ ముల్లు ఒకవైపే కొట్టుకుంటాది. ముల్లు సున్నా మీద నిలబడిన చోట సెల్లు నుంచి కరెంటే రావట్లేదు కాబట్టి లోపల వోల్టేజి ఏమీ తగ్గదు, ఆ పొడవు సెల్లు అసలు ఈఎంఎఫ్‌కి అంటే కరెంటు తీయనప్పటి వోల్టేజికి కొలతన్నమాట. కొత్తది 760 సెంటీమీటర్లు, పాతది 690. అంటే 1.52, 1.38 వోల్టులు, పెద్ద తేడా ఏముంది?

ఇప్పుడు సెల్లుకి అడ్డంగా 10 ఓమ్‌ల రెసిస్టెన్స్ పెట్టి కీ నొక్కి మళ్ళీ వెతికా. కొత్తది 730 దగ్గర నిలిచింది, పాతది ఏకంగా 460కి పడిపోయింది. r అంటే సెల్లు లోపలి రెసిస్టెన్స్, R అంటే బయట పెట్టిన 10 ఓమ్‌లు, l1 కీ నొక్కక ముందు పొడవు, l2 నొక్కాక పొడవు, సూత్రం ఇదీ:

r = R(l1 − l2)/l2

పాతదానికి 10×230/460, అంటే 5 ఓమ్‌లు. కొత్తదానికి 0.41. ఆ టార్చి బల్బుకి 0.3 ఆంపియర్ కావాల, పాత సెల్లుని తీగతో షార్ట్ చేసినా 1.38/5, అంటే 0.28కి మించి ఇవ్వలేదు, ఇంక వెలుగెక్కడిది! మల్టీమీటర్ తాగే కరెంటు దాదాపు సున్నా కాబట్టి దానికీ సంగతి కనపడదు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. కొత్తదానికి తేడా 30 సెంటీమీటర్లే, జాకీ ఒక సెంటీమీటరు తప్పితే జవాబు మూడు నాలుగు శాతం అటూ ఇటూ అయిపోతాది. సరే అని R తగ్గిస్తే తేడా పెరుగుతాది గానీ సెల్లు మీద భారం పడి పొడవు కళ్ళముందే జారిపోతా ఉంటాది, అందుకే కీ నొక్కి గబుక్కున చూసి వదిలెయ్యాల. చివర్లో l1 ఇంకోసారి తీస్తా నేను, మారిందంటే ఎలిమినేటర్ వోల్టేజి కదిలిందనో సెల్లు అలసిపోయిందనో అర్థం, ఆ రీడింగ్‌లన్నీ కొట్టేసి మళ్ళీ మొదలు.

పాత సెల్లుని పారెయ్యలా, గోడ గడియారంలో వేశా. దానికి సగటున ఒక మిల్లీయాంపియర్ కూడా అక్కర్లేదు, ఇంకా తిరగతానే ఉంది.