వయసుకు ఒక తేదీ, ప్రయత్నానికి మరో తేదీ

సివిల్ సర్వీసెస్ రాయాలనుకునేవారికి అర్హత విషయాల్లో సలహాలు ఇవ్వడం చాలా ఏళ్లుగా నా పని. ఏ పుస్తకం చదవాలి అని అడిగేవారి కంటే "నాకు ఇంకా ఎన్నిసార్లు రాసే అవకాశం ఉంది?" అని అడిగేవారే ఎక్కువ. చాలామంది ఒకటి రెండు ఏళ్లు తప్పుగా లెక్కపెట్టుకుని వస్తారు. కొందరికి అవకాశం ఉన్నా లేదనుకుంటారు, మరికొందరికి అయిపోయినా ఉందనుకుంటారు. రెండో రకం వారితో మాట్లాడటం నాకు ఎప్పటికీ అలవాటు కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పరీక్ష రోజుకు 32 నిండకపోతే చాలు.

వాస్తవం: పరీక్ష తేదీతో వయసుకు సంబంధం లేదు. దరఖాస్తు చేసిన తేదీతోనూ లేదు. యూపీఎస్సీ వయసును పరీక్ష జరిగే సంవత్సరం ఆగస్టు 1 నాటికి చూస్తుంది. జనరల్ అభ్యర్థికి ఆ రోజుకు 21 ఏళ్లు నిండి ఉండాలి, 32 నిండి ఉండకూడదు.

2025 పరీక్షనే తీసుకుందాం. ప్రిలిమ్స్ మే 25న జరిగింది. ఇద్దరు స్నేహితులున్నారనుకోండి. ఒకరు 1993 జులై 10న పుట్టారు, మరొకరు అదే ఏడాది ఆగస్టు 10న. మే 25న ఇద్దరి వయసూ 31 ఏళ్లే. అయినా మొదటివారు ఆ పరీక్షకు అనర్హులు. జులై 10కి వారికి 32 నిండుతాయి కాబట్టి ఆగస్టు 1 నాటి లెక్కలో గీత దాటిపోయారు. వారికి చివరి అవకాశం 2024తోనే ముగిసింది. రెండోవారు ఆగస్టు 1న ఇంకా 31లోనే ఉన్నారు, నిశ్చింతగా రాయవచ్చు. మెయిన్స్, ఇంటర్వ్యూ నాటికి 32 దాటినా అడ్డు లేదు. నెల రోజుల తేడా ఒక పూర్తి సంవత్సరాన్ని ఇచ్చింది.

సరిగ్గా ఆగస్టు 1న పుట్టినవారి సంగతి మరీ సున్నితం. 2025 పరీక్షకు 1993 ఆగస్టు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారే అర్హులు. 1993 ఆగస్టు 1న పుట్టినవారికి ఆ రోజే 32 నిండుతాయి కాబట్టి వారు బయటే ఉంటారు. కింది వైపు మాత్రం 2004 ఆగస్టు 1న పుట్టినవారికి ఆ రోజే 21 నిండుతాయి కాబట్టి వారు లోపలే. పుట్టినరోజు ఒకటే అయినా పై గీత దగ్గర నష్టం, కింది గీత దగ్గర లాభం. మే నెలలో 20 ఏళ్ల వయసులోనే ప్రిలిమ్స్ రాసే డిగ్రీ విద్యార్థులు ఉండటానికి కారణం కూడా ఇదే.

మన రాష్ట్రాల గ్రూప్స్ నోటిఫికేషన్లలో సాధారణంగా జులై 1 ఉంటుంది. ఆ తేదీ మనసులో పాతుకుపోయి, సివిల్స్‌కూ దాన్నే వాడి, ఇంకా 21 నిండలేదని తమను తామే అనర్హులుగా తేల్చుకున్నవారిని నేను చూశాను. జులైలో పుట్టిన వారికి ఈ రెండు తేదీల తేడా చాలా ముఖ్యం.

అపోహ: పదో తరగతి మెమోలో పుట్టిన తేదీ తప్పు, మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం ఉంది కదా.

వాస్తవం: మెమోలో ఉన్న తేదీయే చెల్లుతుంది. జాతకం, అఫిడవిట్, మున్సిపల్ జనన పత్రం, సర్వీసు రికార్డు వంటివి అంగీకరించబోమని నిబంధనల్లోనే రాసి ఉంటుంది. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు తోచిన తేదీ వేసిన ఇళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. నా సలహా ఒక్కటే: అసలు పుట్టినరోజును పక్కన పెట్టి, మెమో చేతిలో పట్టుకుని లెక్క మొదలుపెట్టండి.

అపోహ: ఫీజు కట్టాను, హాల్ టికెట్ వచ్చింది, వెళ్లలేదు. ఒక ప్రయత్నం పోయింది.

వాస్తవం: పోలేదు. దరఖాస్తు ప్రయత్నం కాదు. ప్రిలిమ్స్‌లో ఏదో ఒక పేపర్‌కు హాజరైతేనే ప్రయత్నం కింద లెక్క. ఆ "ఏదో ఒక" అన్న మాట దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఉదయం జనరల్ స్టడీస్ పేపర్ కష్టంగా వచ్చిందని మధ్యాహ్నం సీశాట్‌కు వెళ్లకుండా ఇంటికొచ్చేసి, "పూర్తిగా రాయలేదు కాబట్టి లెక్కలోకి రాదు" అనుకుంటారు. ఉదయం హాలులో కూర్చున్నప్పుడే అది లెక్కలోకి వచ్చేసింది. తర్వాత ఏ కారణంతో అభ్యర్థిత్వం రద్దయినా ఆ హాజరు చెరిగిపోదు.

కాబట్టి సన్నద్ధత లేదని వెనక్కి తగ్గాలంటే ఆ నిర్ణయం ఉదయం పేపర్‌కు ముందే తీసుకోవాలి. జనరల్ అభ్యర్థులకు ఉన్నవి ఆరు ప్రయత్నాలే. "అనుభవం కోసం" అంటూ చదవకుండా మొదటిసారి రాయడాన్ని నేను ప్రోత్సహించను. ఆ అనుభవం ఇంట్లో గడియారం పెట్టుకుని పాత ప్రశ్నపత్రం రాసినా వస్తుంది.

కరోనా కాలంలో జరిగింది కూడా ఇక్కడ చెప్పాలి. 2020 అక్టోబరు 4న ప్రిలిమ్స్ రాసి చివరి ప్రయత్నం వాడేసుకున్నవారు మరో అవకాశం కోరుతూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2021 ఫిబ్రవరిలో కోర్టు ఆ అభ్యర్థనను తోసిపుచ్చింది. అంతటి విపత్తులోనూ హాజరు హాజరుగానే మిగిలింది.

అపోహ: రాష్ట్రంలో బీసీ అయితే సివిల్స్‌లో ఓబీసీ సడలింపు వచ్చినట్టే.

వాస్తవం: ఓబీసీ అభ్యర్థులకు వయసులో మూడేళ్ల సడలింపు, మొత్తం తొమ్మిది ప్రయత్నాలు ఉన్నాయి. అయితే ఆ కులం కేంద్ర జాబితాలో ఉండాలి, కుటుంబం క్రీమీలేయర్ కాకూడదు. రాష్ట్ర జాబితా, కేంద్ర జాబితా ఒకటి కావు. పైగా ఇక్కడ ఇంకో తేదీ వస్తుంది: నాన్ క్రీమీలేయర్ ధ్రువపత్రం దరఖాస్తుల చివరి తేదీలోగా జారీ అయి ఉండాలి. ఆగస్టు 1 దాకా సమయం ఉందని కాలయాపన చేస్తే, సడలింపుతో మాత్రమే అర్హులయ్యే 33 ఏళ్ల అభ్యర్థికి మొత్తం పరీక్షే చేజారుతుంది. ఈడబ్ల్యూఎస్ వారికి రిజర్వేషన్ ఉంది కానీ, దాని వల్ల వయసులోగానీ ప్రయత్నాల్లోగానీ సడలింపు లేదు. ఎస్సీ, ఎస్టీలకు వయసు ఐదేళ్లు పెరుగుతుంది, ఆ వయసు దాటేవరకు ప్రయత్నాలకు పరిమితి లేదు.

ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు తరచూ అడిగే మాట ఇంకొకటి ఉంది: "ఈ ఏడాది జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయకపోతే ఆ ప్రయత్నం మిగులుతుంది కదా?" సివిల్స్ పద్ధతిని దానికి తగిలించకూడదు. అడ్వాన్స్‌డ్‌లో వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయవచ్చు. ఆ రెండేళ్లను ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షకు తొలిసారి హాజరైన ఏడాది నుంచి లెక్కిస్తారు. 2025 పరీక్షకు 2024లో గానీ 2025లో గానీ తొలిసారి ఇంటర్ రాసినవారే అర్హులు. రాయకుండా ఊరుకున్నా ఆ ఏడాది తిరిగి రాదు. సబ్జెక్టులు మార్చినా గడియారం మళ్లీ మొదలుకాదు. 2023లో బైపీసీతో ఇంటర్ రాసి, ఆ తర్వాత గణితం చదివి 2025లో అడ్వాన్స్‌డ్ రాద్దామనుకున్నవారికి తలుపు మూసుకుపోయింది, ఎందుకంటే నిబంధన చూసేది మొదటి హాజరునే, అప్పుడు ఏ గ్రూపు చదివారన్నది కాదు.