పని పూర్తయిందని ఎలా తెలుస్తుంది? పోలింగ్, వెబ్‌హుక్, ఎస్ఎస్ఈల గురించి అపోహలు - వాస్తవాలు

ఒక ఉదాహరణ తీసుకుని మాట్లాడుకుందాం. యూనివర్సిటీ పోర్టల్‌లో క్లర్కు బటన్ నొక్కితే 1,800 మంది హాల్‌టికెట్లు ఒకే పీడీఎఫ్‌గా తయారవ్వాలి. దానికి దాదాపు 3 నిమిషాలు పడుతుంది. అంతసేపూ ఆ రిక్వెస్టును తెరిచి ఉంచితే కుదరదు. బ్యాకెండ్ నుంచి 60 సెకన్లు ఏమీ రాకపోతే మధ్యలో ప్రాక్సీగా ఉన్న nginx, డీఫాల్ట్ సెట్టింగ్‌లో, 504 ఇచ్చేస్తుంది. వెనకాల పని మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఎర్రర్ చూసిన క్లర్కు మళ్లీ నొక్కుతాడు, అదే పని రెండోసారి మొదలవుతుంది. అందుకే సర్వర్ పనిని క్యూలో వేసి వెంటనే ఇలా జవాబివ్వాలి:

```
HTTP/1.1 202 Accepted
Location: /jobs/8127
Retry-After: 5
```

ఆ పని ఇప్పుడు ఏ దశలో ఉందో `/jobs/8127` ఎప్పుడడిగినా చెబుతుంది. ఇంతవరకు పెద్దగా వాదన ఉండదు. పూర్తయిన సంగతి ఎలా తెలుసుకోవాలన్న దగ్గరే అపోహలు మొదలవుతాయి.

అపోహ: పోలింగ్ అంటే మోటు పద్ధతి, సర్వర్ మీద దండగ భారం.

పోలింగ్ అంటే పని అయిందా అని బ్రౌజర్ పదేపదే అడగడం. లెక్క వేసి చూడండి. ఒకేసారి 300 మంది ఎదురుచూస్తూ, ప్రతి బ్రౌజరూ 5 సెకన్లకోసారి అడిగితే సెకనుకు 60 రిక్వెస్టులు. ఒక్కోటీ ప్రైమరీ కీతో ఒక్క వరుస చదవడమే. మామూలు డేటాబేస్‌కు ఇది భారమే కాదు. పని ముగిశాక ఆ సంగతి తెలియడానికి సగటున రెండున్నర సెకన్లు ఆలస్యమవుతుంది. 3 నిమిషాలు ఆగిన మనిషి దాన్ని గమనించడు.

చెడ్డపేరు వచ్చింది రాసే తీరు వల్ల. `setInterval`తో రాస్తే ముందు అడిగినదానికి జవాబు రాకుండానే ఇంకోటి వెళ్తుంది. సర్వర్ నెమ్మదించిన రోజే రిక్వెస్టులు పేరుకుపోతాయి. జవాబు వచ్చాక మాత్రమే `setTimeout`తో తర్వాతిది పంపాలి. ఎంతసేపు ఆగాలో కోడ్‌లో పాతేయకుండా `Retry-After` చూసి ఆగాలి. అప్పుడు రద్దీ పెరిగితే సర్వరే 5ను 15 చేసుకోగలదు. ఆ విరామానికి కొంచెం యాదృచ్ఛిక తేడా కలపకపోతే, సర్వర్ రీస్టార్ట్ అయినప్పుడు 300 బ్రౌజర్లూ ఒకే క్షణంలో వచ్చి పడతాయి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ట్యాబ్ 5 నిమిషాలకు మించి వెనకాల ఉంటే క్రోమ్ ఇలాంటి టైమర్లను నిమిషానికోసారే నడవనిస్తుంది. 2021లో వచ్చిన 88వ వెర్షన్‌ నుంచి ఇది ఉంది. క్లర్కు వేరే ట్యాబ్‌లో పని చూసుకుని తిరిగొచ్చేసరికి పాత స్థితే కనిపించవచ్చు. `visibilitychange` ఈవెంట్ రాగానే ఒకసారి అడిగితే ఈ తంటా ఉండదు.

అపోహ: లాంగ్ పోలింగ్ కాలం చెల్లిపోయింది.

అమెజాన్ SQSలో మెసేజ్ కోసం గరిష్ఠంగా 20 సెకన్లు ఆగే పద్ధతి ఇదే, ఈరోజుకీ వాడుకలో ఉంది. మన ఉదాహరణలో అయితే మన సర్వర్ రిక్వెస్టును 25 సెకన్ల వరకు పట్టి ఉంచి, పని ముగిస్తే వెంటనే, లేకపోతే "ఇంకా నడుస్తోంది" అని జవాబిస్తుంది. ప్రాక్సీ 60 సెకన్ల గడువు లోపే ఉండటం ముఖ్యం. అయితే ఒక్కో కనెక్షన్‌కు ఒక వర్కర్‌ను అట్టిపెట్టే సర్వర్‌లో దీన్ని పెట్టకండి. ఎదురుచూసే వాళ్లే వర్కర్లందరినీ ఆక్రమిస్తే లాగిన్ పేజీ కూడా తెరుచుకోదు.

అపోహ: ఎస్ఎస్ఈ పెడితే ఇక ఏ సందేశమూ తప్పిపోదు.

ఎస్ఎస్ఈ, అంటే సర్వర్-సెంట్ ఈవెంట్స్, నాకు ఇష్టమైన పద్ధతే. తెరిచి ఉంచిన ఒకే కనెక్షన్ మీద సర్వరే కబుర్లు పంపుతూ ఉంటుంది. 1,800లో 640 అయ్యాయి అని కదులుతూ చూపించాలంటే దీనికంటే సులువైనది లేదు. కనెక్షన్ తెగితే బ్రౌజరే మళ్లీ కలుపుకుని, చివరగా అందిన ఈవెంట్ నంబర్‌ను `Last-Event-ID`లో పంపుతుంది. కానీ అది నంబర్ మాత్రమే. ఆ తర్వాతి ఈవెంట్లను మన సర్వర్ దాచి ఉంచకపోతే పంపడానికి ఏమీ ఉండదు. క్యూలోని పని చేసే వర్కర్ నుంచి వెబ్ సర్వర్‌కు కబురు రెడిస్ పబ్-సబ్ ద్వారా వస్తుంటే, అది సందేశాలను దాచదు. "పూర్తయింది" అన్న కబురు సరిగ్గా కనెక్షన్ లేని రెండు సెకన్లలో వస్తే క్లర్కు ముందు 98 శాతం దగ్గరే బార్ ఆగిపోతుంది.

మందు ఒకటే: ప్రతి కొత్త కనెక్షన్‌కూ మొట్టమొదట ప్రస్తుత స్థితి పంపాలి. వరుస కూడా ముఖ్యం. ముందు పబ్-సబ్‌కు చందా కట్టి, ఆ తర్వాత డేటాబేస్ చదవాలి. తిరగేస్తే ఆ రెంటి మధ్య సందులో కబురు జారిపోతుంది.

లోకల్‌లో బాగా నడిచి, సర్వర్‌లో ఈవెంట్లన్నీ చివర్లో ఒకేసారి గుంపుగా వస్తే, ప్రాక్సీ వాటిని బఫర్ చేస్తోందేమో ముందు చూడండి. `curl -N`తో చూస్తే తెలిసిపోతుంది. nginx అయితే రెస్పాన్స్‌లో `X-Accel-Buffering: no` పెడితే సరిపోతుంది. హెచ్‌టీటీపీ 1.1లో ఒక సైటుకు బ్రౌజర్ 6 కనెక్షన్లే ఇస్తుంది, ఎస్ఎస్ఈ కోసం ఒక్కో ట్యాబ్ ఒకటి పట్టి ఉంచుతుంది కాబట్టి ఏడో ట్యాబ్ తెరుచుకోక తిరుగుతూ ఉంటుంది. హెచ్‌టీటీపీ 2కు మారితే ఆ ఇబ్బంది పోతుంది.

అపోహ: వెబ్‌హుక్ ఉంటే పోలింగ్ అక్కర్లేదు.

ఎక్కువ నష్టం చేసేది ఇదే. పీడీఎఫ్ తయారీని బయటి సర్వీసుకు అప్పగించామనుకోండి. పని ముగిశాక అది తనే మన సర్వర్‌కు ఒక హెచ్‌టీటీపీ రిక్వెస్టు, అంటే వెబ్‌హుక్, పంపుతుంది. బ్రౌజర్‌కు పంపడం కుదరదు, దానికి బయటివాళ్లు చేరుకునే చిరునామా ఉండదు. అంటే వెబ్‌హుక్ సర్వర్‌కూ సర్వర్‌కూ మధ్య సంగతి. క్లర్కు దాకా కబురు చేరాలంటే పైవాటిలో ఒకటి ఎలాగూ కావాలి.

అది తప్పకుండా వస్తుందనీ అనుకోకూడదు. స్ట్రైప్ లైవ్ మోడ్‌లో 3 రోజుల వరకు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. గిట్‌హబ్ మాత్రం విఫలమైన డెలివరీని తనంతట తాను మళ్లీ పంపదు. మీ సర్వీసు ఏ రకమో చూసుకోండి. మళ్లీ పంపే సర్వీసైతే ఒకే కబురు రెండుసార్లు రావచ్చు. ఈవెంట్ ఐడీ మీద యూనిక్ ఇండెక్స్ పెట్టి రెండోదాన్ని వదిలేయండి.

టెస్టింగ్‌లో దొరకని చిక్కు ఇంకోటి. ఆ సర్వీసు జాబ్ ఐడీ ఇచ్చాక మనం దాన్ని డేటాబేస్‌లో రాసేలోపే వెబ్‌హుక్ వచ్చేయవచ్చు. పీడీఎఫ్ చిన్నదైనప్పుడు ఇలా అవుతుంది. మన కోడ్ "ఈ ఐడీ ఎవరిదో తెలియదు" అని పడేస్తే ఆ పని ఎప్పటికీ పెండింగే. ముందుగా మన రిఫరెన్స్ నంబర్‌ను డేటాబేస్‌లో రాసుకుని, దాన్నే రిక్వెస్టులో పంపి, వెబ్‌హుక్‌లో అదే తిరిగొచ్చేలా చేసుకుంటే ఈ పోటీ ఉండదు.

వెబ్‌హుక్ రాగానే సంతకం సరిచూసి, క్యూలో వేసి, 200 ఇచ్చేయండి. సంతకాన్ని వచ్చిన బైట్ల మీదే లెక్కించాలి, జేసన్‌గా విప్పి మళ్లీ కట్టినదాని మీద కాదు. తర్వాత, అందులో "పూర్తయింది" అని ఉన్నా, ఆ సర్వీసు స్టేటస్ ఏపీఐని ఒకసారి అడిగి, దాని జవాబునే రాసుకోండి. కబుర్లు వరుస తప్పి వచ్చినా అప్పుడు చిక్కుండదు.

చివరగా ఊడ్పు. 3 నిమిషాల పని 10 నిమిషాలైనా పెండింగ్‌లో ఉంటే దాన్ని వెతికి స్టేటస్ అడిగే చిన్న జాబ్‌ను 5 నిమిషాలకోసారి నడపండి. మెమరీ చాలక వర్కర్ మధ్యలో చచ్చిపోతే కబురు పంపేవాళ్లే ఉండరు, అప్పుడు నాలుగు పద్ధతుల్లో ఏదీ తనంతట తాను చెప్పదు. గడువు దాటినదాన్ని `failed` అని రాసేది ఈ ఊడ్పే. వెబ్‌హుక్ ద్వారా ఎన్ని తెలిశాయి, ఊడ్పులో ఎన్ని దొరికాయి అని విడివిడిగా లెక్కపెట్టి ఉంచండి. ఊడ్పు వాటా ఒక్కసారిగా పెరిగిందంటే వెబ్‌హుక్‌లు ఎక్కడో ఆగిపోతున్నట్టే. గడువు తీరిన సర్టిఫికెట్, మారిన సీక్రెట్, కొత్తగా పెట్టిన ఫైర్‌వాల్ రూల్, ఈ మూడూ ముందు చూడండి.